ఐదు సీసాలు, నలభై రెండు చతురస్రాలు: రంగుల మిశ్రమం పాఠానికి ప్రాజెక్టు డైరీ

జూలై 2

ఏడో తరగతికి రంగుల మిశ్రమం పాఠం ఈసారి వేరుగా చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఇన్నేళ్లూ నేను చేసిన పని ఒక్కటే: బోర్డు మీద రంగుల చక్రం గీయడం, ఎరుపు పసుపు కలిస్తే నారింజ, పసుపు నీలం కలిస్తే ఆకుపచ్చ అని చెప్పడం, పిల్లల చేత అదే చక్రాన్ని పుస్తకంలో వేయించడం. నలభై రెండు పుస్తకాల్లో ఒకే చక్రం వచ్చేది. చక్రం వేయడం వచ్చిన పిల్లవాడికి మామిడాకును చూపించి, ఈ పచ్చదనం కలిపి చూపించమంటే చేయి ఆడేది కాదు.

అందుకని ఈసారి పని ఇలా పెట్టుకున్నాను. ప్రతి విద్యార్థి తన ఇంటి నుంచో, దారిలో నుంచో ఒక వస్తువు తెచ్చుకుంటాడు. ఆ వస్తువు రంగును ఉన్న నాలుగు రంగులతోనే కలిపి తెస్తాడు. ఆ రంగుతో ఒక చిన్న చతురస్రం వేస్తాడు. చతురస్రాలన్నీ కలిసి ఒకే పలకగా గోడకెక్కుతాయి. ఆగస్టు 15న తల్లిదండ్రులు బడికి వస్తారు కనుక అప్పటికి పలక సిద్ధంగా ఉండాలి. బుధ, శనివారాల్లో ఒక్కొక్క పీరియడు, ఒక్కొక్కటి నలభై ఐదు నిమిషాలు. సామాను పంచడానికి ఐదు నిమిషాలు, కడిగి సర్దడానికి పది నిమిషాలు తీసేస్తే చేతిలో మిగిలేది అరగంట.

డబ్బు సంగతి మొదటే తేలిపోయింది. నాకు అందిన మొత్తంతో వంద మి.లీ. పోస్టర్ కలర్ సీసాలు ఐదు, డ్రాయింగ్ షీట్లు మూడు వస్తాయి. కుంచెలు పాతవి ఇరవై ఒకటి ఉన్నాయి, అంటే ఇద్దరికి ఒకటి.

జూలై 5

ఐదు సీసాల్లో తెలుపు రెండు ఉండాలి, ఎందుకంటే లేత ఛాయలన్నీ దానిని తినేస్తాయి. మిగిలిన మూడూ ఎరుపు, పసుపు, నీలం. ఇక్కడే అసలు చిక్కు. దుకాణంలో "ఎరుపు" అనే సీసా ఏదీ ఉండదు. వెర్మిలియన్ ఉంటుంది, క్రిమ్సన్ ఉంటుంది. నీలంలోనూ అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ అని రెండు ఉంటాయి. పసుపులో లెమన్ యెల్లో, క్రోమ్ యెల్లో. ఒక్కొక్క దానిలో ఒకటే కొనగలిగినప్పుడు, ఏది కొంటున్నామో దానిని బట్టి పిల్లలు చేరుకోగల రంగులు, చేరుకోలేని రంగులు ముందే నిర్ణయమైపోతాయి.

ఇంట్లో మిగిలి ఉన్న చిన్న సీసాలతో ఈ రోజంతా కలిపి చూశాను. వెర్మిలియన్ నారింజ వైపు మొగ్గిన ఎరుపు. అంటే దానిలో పసుపు ఛాయ ముందే ఉంది. దానికి అల్ట్రామెరైన్ కలిపితే ఊదా రాలేదు, ఎండిన చింతపండు రంగు వచ్చింది. మూడు రంగులూ కలిసినప్పుడు జరిగేదే అక్కడ జరిగింది. ప్రతి రంగుపొడీ తన మీద పడిన వెలుగులో కొంత మింగేసి, మిగిలినది మన కంటికి పంపుతుంది. మూడు రకాల పొడులు చేరితే మింగేది ఎక్కువై, కంటికి చేరేది మసకబారుతుంది. క్రిమ్సన్ నీలం వైపు మొగ్గిన ఎరుపు కనుక, అదే అల్ట్రామెరైన్‌తో చక్కని వంకాయ రంగునిచ్చింది. అయితే క్రిమ్సన్‌తో చేసిన నారింజ వెర్మిలియన్ నారింజ అంత మండలేదు, కొంచెం కనకాంబరం పూవు వాలు తీసుకుంది. ఆ నష్టాన్ని భరించవచ్చు.

నీలం దగ్గర తర్జనభర్జన ఎక్కువైంది. ప్రష్యన్ బ్లూలో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. లెమన్ యెల్లోతో కలిస్తే నారుమడి పచ్చదనం, చిలకపచ్చ వచ్చేస్తాయి. కాని క్రిమ్సన్‌తో కలిస్తే వచ్చే ఊదా బూడిద పట్టినట్టు ఉంటుంది. పైగా దాని బలం ఎంతంటే, కుంచె కొనకు అంటిన కొద్ది నీలం కూడా పళ్లెంలోని పసుపునంతా పచ్చగా మార్చేస్తుంది. కొత్త చేతులకు అది ప్రమాదం. అల్ట్రామెరైన్ ఊదాకు మంచిది, పచ్చల్లో మాత్రం కాస్త మందంగా ఉంటుంది. మా ఊరి చుట్టూ ఉన్న ఆకులను చూస్తే మామిడి, వేప, రావి, అన్నీ మందపు పచ్చలే. మంట లాంటి పచ్చ నారుమడిది ఒక్కటే. అందువల్ల క్రిమ్సన్, లెమన్ యెల్లో, అల్ట్రామెరైన్, తెలుపు రెండు అని చీటీ రాసుకున్నాను. నారుమడి ఎంచుకున్న పిల్లవాడు వస్తే ఏం చేయాలో అప్పటికి చూడవచ్చు.

నలుపు కొనలేదు. డబ్బు లేక కాదు. నలుపు సీసా బల్ల మీద ఉంటే ముదురు చేయాలన్న ప్రతి చోటా పిల్లలు దానినే ముంచుతారు, అప్పుడు ఆకులూ మట్టీ వంకాయా ఒకే మసి పూసుకుంటాయి. క్రిమ్సన్, అల్ట్రామెరైన్ సమంగా కలిపి, రెండు మూడు చుక్కల పసుపు వేస్తే నల్లరేగడికి సరిపడే ముదురు వస్తుంది.

జూలై 9

ఈ రోజు కొలతలు. డ్రాయింగ్ షీటు ఇరవై రెండు అంగుళాల వెడల్పు, ముప్ఫై అంగుళాల పొడవు. ఐదు అంగుళాల చతురస్రాలుగా కోస్తే ఒక షీటుకు ఇరవై నాలుగు వస్తాయి, రెండంగుళాల పట్టీ ఒకటి మిగులుతుంది. మూడు షీట్లకు డెబ్బై రెండు. పిల్లలకు నలభై రెండు, ముందస్తు ప్రయోగాలకు, చెడిపోయిన వాటికి ముప్ఫై. మిగిలిన పట్టీలు రంగు సరిచూసుకునే ముక్కలుగా పనికొస్తాయి.

రంగును సీసాల నుంచి నేరుగా పోయకూడదని నిశ్చయించాను. సీసా వంచితే ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు, పడినది వెనక్కి పోదు. చంటిపిల్లలకు మందు పోసే సూదిలేని సిరంజిలు మందుల షాపులో దొరుకుతాయి. రంగుకు ఒకటి చొప్పున నాలుగు తెచ్చాను. తరగతిని ఆరుగురు చొప్పున ఏడు గుంపులుగా విడదీశాను. ఒక గుంపుకు ఒక పీరియడులో పసుపు ఐదు మి.లీ., ఎరుపు మూడు, నీలం రెండు, తెలుపు ఎనిమిది. ఇది తలకు మూడు మి.లీ. పడుతుంది. రంగులు వేసే పీరియడ్లు రెండు, మొదటి అభ్యాసానికి ఇంకొంచెం. లెక్క చూస్తే పసుపు సీసాలో ఎనభై నాలుగు మి.లీ. ఖర్చవుతుంది, నీలంలో మూడో వంతు. పసుపు మీదనే కన్నుంచాలి.

కలిపే పళ్లేలుగా విస్తరాకులు, కాగితం పళ్లేలు పనికిరావు. తడిని పీల్చేసి రంగును మందం చేస్తాయి, పైగా వాటి సొంత రంగు కన్నును మోసం చేస్తుంది. టైల్స్ దుకాణంలో విరిగిన తెల్లని గ్లేజు ముక్కలు ఊరికే ఇచ్చారు. వాటి అంచులను రాయి మీద అరగదీసి, మందపాటి టేపు చుట్టాను. తెల్లటి నున్నని పలక మీద రంగు కాగితం మీద కనిపించినట్టే కనిపిస్తుంది, నీళ్లు పోస్తే క్షణంలో కడిగిపోతుంది.

జూలై 12

పిల్లలకు స్వేచ్ఛ ఎంత ఇవ్వాలి? ఇంతకుముందు ఒకసారి "మీకు ఇష్టమైనది వేయండి" అని వదిలేశాను. అప్పుడు ముప్పాతిక మంది కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఇల్లు వేశారు. దానిని స్వేచ్ఛ అనలేను, తెలిసిన దానిలోకి పారిపోవడమే అది. ఎంపిక చేతికి వచ్చేది ఎంచుకోవడానికి ఏదో ఒకటి కళ్లెదుట ఉన్నప్పుడే.

కాబట్టి కొన్నింటిని గట్టిగా బిగించి, కొన్నింటిని పూర్తిగా వదిలేశాను. బిగించినవి: ఐదు అంగుళాల చతురస్రం, ఆ నాలుగు రంగులు, చతురస్రంలో కనీసం మూడు భాగాలు. ఒక భాగంలో వస్తువు అసలు రంగు, మరో భాగంలో దానికి తెలుపు చేర్చిన లేత రంగు, ఇంకో భాగంలో దాని పూరక రంగును ఒకటి రెండు చుక్కలు వేసి మందం చేసిన రంగు. పూరక రంగు అంటే ఆ రంగులో లేని ప్రాథమిక రంగుల వైపు నుంచి వచ్చేది: ఆకుపచ్చకు ఎరుపు, ఊదాకు పసుపు, నారింజకు నీలం. వదిలేసినవి: ఏ వస్తువు, ఆ వస్తువులో ఏ చోటు, చతురస్రంలో దానిని ఎంత పెద్దదిగా చూపించాలి, మూడు భాగాలను ఎలా పంచాలి. వస్తువును మొత్తంగా గీయనక్కరలేదు. వేపాకు ఈనెలు పెద్దవి చేసి చతురస్రమంతా పరచవచ్చు, వంకాయ తొడిమ ఒక్కటే వేయవచ్చు. గీయడం రాదని భయపడే పిల్లలకు ఇది అడ్డు తొలగిస్తుందని నా లెక్క.

ప్రతివాడూ తన రంగుకు లెక్క రాయాలి. సిరంజి చుక్కే కొలత: పసుపు ఎనిమిది, నీలం ఒకటి, ఇలా. సీసాలోని పోస్టర్ కలర్ చుక్కగా రాలదు కనుక, రెండు పాళ్ల రంగుకు ఒక పాలు నీరు కలిపి పంచుతాను. ఇంతకంటే పలచబడితే ఆరాక వేలికి పొడిలా అంటుకుంటుంది, చిక్కబడితే ఎండాక బీటలు వారుతుంది.

జూలై 16

పాఠం మొదలుపెట్టే ముందు ఆరుగురు పిల్లలతో ఒక ముందస్తు ప్రయోగం చేశాను. ఒక్క పీరియడులో నా ప్రణాళికలోని మూడు లోపాలు బయటపడ్డాయి.

మొదటిది, క్రమం. ఒక అబ్బాయి జామాకు పచ్చ కలపడానికి నీలంతో మొదలుపెట్టాడు. పలక మీద పది చుక్కల నీలం వేసి దానిలో పసుపు వేయసాగాడు. ఆ ఆకుకు కావలసినది ఎనిమిదికి ఒకటి నిష్పత్తి అనుకుంటే, పది చుక్కల నీలానికి ఎనభై చుక్కల పసుపు కావాలి. అది గుంపు వాటాలో పెద్ద భాగం. పసుపు పోస్తూ పోస్తూ, ఇంకా ముదురుగానే ఉందని విసుగెత్తి వదిలేశాడు. లేత రంగుతో మొదలుపెట్టి, దానిలోకి ముదురు రంగును చుక్క చుక్కగా దింపాలన్న నియమం నేను మాటల్లో చెప్పానే గాని, కారణం చూపలేదు. ఈ వృథానే మొదటి పీరియడులో కావాలని చేసి చూపిస్తాను.

రెండోది, ఆరడం. తడిగా ఉన్నప్పుడు వస్తువుతో అచ్చంగా కలిసిన రంగు ఆరాక కలవలేదు. పోస్టర్ కలర్‌లో ముదురు రంగులు ఎండాక తేలిక పడి బూడిద పట్టినట్టు అవుతాయి, తెలుపు ఎక్కువగా ఉన్న లేత రంగులు కొంచెం ముదురుతాయి. కాబట్టి సరిచూడవలసినది ఆరిన తరువాతనే. పట్టీ మీద చిన్న మచ్చ పెట్టి, పాత దినపత్రికతో రెండు నిమిషాలు విసిరి, అప్పుడు వస్తువు పక్కన పెట్టాలి.

మూడోది నేను ఊహించనిది. ఒక అమ్మాయి పసుపులో తెలుపు కలుపుతూ ఆగిపోయింది. "టీచర్, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది కదా. మరి ఇందులో ఎందుకు రాలేదు?" అని అడిగింది. ఇంతకంటే మంచి ప్రశ్న నాకు ఎన్నడూ ఎదురు కాలేదు. వంటింటి పసుపులో ఉన్న కుర్కుమిన్ అనే పదార్థం సున్నం లాంటి క్షారం తగిలితే తానే వేరే రంగుకు మారుతుంది. అక్కడ జరిగేది రసాయన మార్పు. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. సీసాలోని రంగుపొడులు అలా మారవు, పక్కపక్కనే కూర్చుంటాయంతే. రేపు పిల్లలు మరొకరు ఇదే అడిగితే చెప్పి ఊరుకోకుండా, ఒక గిన్నెలో పసుపు, సున్నం, నిమ్మ చెక్క పెట్టి ఐదు నిమిషాల్లో చూపించడానికి వీలుగా తరగతి గదిలోనే ఉంచుతాను.

జూలై 19

ముందస్తు ప్రయోగం తరువాత ప్రణాళిక మార్చాను. మొత్తం ఐదు పీరియడ్లు. మొదటిది కలపడం నేర్చుకోవడం, రెండోది వస్తువు రంగు పట్టుకోవడం, మూడు నాలుగు చతురస్రం వేయడం, ఐదోది కత్తిరించి అమర్చడం.

రంగు పట్టుకోవడానికి ఒక చిన్న పనిముట్టు చేశాను. పోస్టుకార్డంత తెల్ల అట్టలో ఒకే పరిమాణంలో ఉన్న రంధ్రాలు రెండు, పక్కపక్కన, గుండు పిన్ను తల కంటే కొంచెం పెద్దవి. ఒక రంధ్రం కింద వస్తువు, మరో రంధ్రం కింద ఆరిన మచ్చ. వస్తువు ఏమిటో తెలిసినంతసేపూ కన్ను చూసినది కాకుండా తెలిసినది చెబుతుంది. ఆకు అనగానే పచ్చ, మట్టి అనగానే గోధుమ. రంధ్రంలోంచి చూస్తే అది ఏ వస్తువో తెలియదు, రంగు ఒక్కటే మిగులుతుంది. ఈ అట్టలు ఏడు చేశాను, గుంపుకు ఒకటి.

ఇంకొక నియమం: సరిచూడడం వరండా నీడలోనే జరగాలి. తరగతి గదిలో ట్యూబులైటు కింద కలిసినట్టు కనిపించిన ఎర్రమట్టి రంగు వరండాలోకి తేగానే విడిపోవడం ఆరుగురి ప్రయోగంలోనే చూశాను. నేరుగా ఎండలో పెట్టినా కన్ను చెదురుతుంది.

నీళ్ల కప్పులు గుంపుకు రెండు. ఒకటి కుంచె కడగడానికి, మరొకటి రంగులో కలపడానికి. ఈ రెండూ కలిసిపోయిన క్షణం నుంచి పసుపు పసుపుగా ఉండదు.

జూలై 23, మొదటి పీరియడు

వస్తువులు తేవద్దని ముందే చెప్పాను, ఈ రోజు టైల్ పలకల మీద కలపడమే. పది చుక్కల నీలంలో పసుపు పోసే వృథాను ముందుగా నేను చేసి చూపించాను. ఇరవై చుక్కలు దాటినా పచ్చ తేలిక కాకపోవడం చూసి వెనుక బెంచీ వాళ్లు నవ్వారు. తరువాత పసుపు పది చుక్కలు, దానిలో ఒకటి నీలం. ఒక్క చుక్కతోనే మారిపోయింది. ఆ తేడా చూశాక నియమం చెప్పవలసిన పని లేకపోయింది.

పెడన దగ్గరి వాళ్లం కనుక కలంకారీ ఇళ్ల పిల్లలు తరగతిలో ఉన్నారు. వారిలో ఒకడు, తమ తాతయ్య వాళ్లు పచ్చ రంగును గిన్నెలో కలపరని, నీలం వేసిన బట్ట మీద పసుపు పూస్తే పచ్చ వస్తుందని చెప్పాడు. అది నిజమే, పాత కలంకారీ పద్ధతిలో నీలిమందు మీద పసుపు అద్దకంతోనే పచ్చ తెచ్చేవారు. అలా మన కాగితం మీద చేయవచ్చా అని అడిగితే చేసి చూడమన్నాను. ఆరిన నీలం మీద పసుపు పూయగానే కింది నీలం మళ్లీ తడిసి లేచి, రెండూ మడ్డిగా కలిసిపోయాయి. బట్టలోకి ఇంకి పట్టుకున్న అద్దకానికి, కాగితం మీద జిగురుతో నిలబడ్డ రంగుకు ఉన్న తేడా ఇది. వాడు ఆ మడ్డి మచ్చను పట్టీ మీద ఉంచి, పక్కన "ఇది కుదరలేదు" అని రాసుకున్నాడు. ఆ పట్టీని నేను దాచాను.

జూలై 26, రెండో పీరియడు

వచ్చిన వస్తువుల్లో వంకాయలు నాలుగు, పండు మిరపకాయలు ఆరు, ఎండు మిరపకాయలు మూడు, ఆకులు పదిహేను. మిగిలినవి ఒక్కొక్కటే: ఇటుక ముక్క, నల్లరేగడి గడ్డ, కొబ్బరి చిప్ప, చింతపండు, నత్తగుల్ల, తాత గారి ఖాకీ చొక్కా గుండీ దగ్గరి గుడ్డ ముక్క, ఇలా. వాడిపోయే ఆకులు తెచ్చిన వాళ్లు ఈ రోజే రంగు పట్టుకుని లెక్క రాసుకోవాలని తొందర పెట్టాను. మరుసటి వారానికి ఆ ఆకు ఆ ఆకుగా ఉండదు.

వంకాయ తెచ్చిన ఒక అమ్మాయి పని మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఆమె మొదట ఎరుపు ఐదు, నీలం ఐదు చుక్కలు కలిపింది. తడిగా ఉన్నప్పుడు బాగుందనిపించింది. ఆరాక రంధ్రాల అట్ట కింద పెడితే మచ్చ మరీ ఎర్రగా, మరీ ప్రకాశంగా ఉంది. నీలం ఒక చుక్క పెంచింది. ఎరుపు వెనక్కి తగ్గింది గాని, ఆ ప్రకాశం పోలేదు. ఇక్కడ ఆగి ఆలోచించమన్నాను: రంగు సరిపోయింది, మెరుపు ఎక్కువైంది, దానిని తగ్గించేది ఏది? ఆమె పూరక రంగు గుర్తు చేసుకుని ఒక చుక్క పసుపు వేసింది. మచ్చ మందగించి వంకాయ నీడ వైపుకు దగ్గరైంది. కాని ఆరాక మళ్లీ బూడిద పట్టింది. ఆరితే తేలికవుతుందన్న సంగతి తెలుసు కనుక, తదుపరి మిశ్రమంలో నీటి పాలు తగ్గించి, తడిగా ఉన్నప్పుడు వంకాయ కంటే ఒక మెట్టు ముదురుగా చేసింది. ఎరుపు ఐదు, నీలం ఆరు, పసుపు ఒకటి. ఆరాక కలిసింది.

అప్పుడు ఆమె అట్టను తీసేసి వంకాయను, మచ్చను పక్కపక్కన పెట్టి, "నిగనిగ లేదు టీచర్" అంది. ఆ నిగనిగ రంగులో ఉండేది కాదు, నున్నని తొక్క మీద పడిన కిటికీ వెలుగు. పోస్టర్ కలర్ మెరవని రంగు కనుక దానిని కలిపి తేలేము, వేసి చూపించగలం. చతురస్రంలో ఆమె తెలుపు ఎక్కువగా ఉన్న లేత భాగాన్ని సన్నని చంద్రవంకలా తొడిమ కింద పెట్టాలని అప్పుడే నిర్ణయించుకుంది.

జూలై 30, ఆగస్టు 2, మూడు నాలుగు పీరియడ్లు

అనుకున్నట్టే నారుమడి పిల్లవాడు ఉన్నాడు. నారు పిలక తెచ్చి, నాలుగు మిశ్రమాలు చేసి, ఒకటీ ఆ పచ్చకు చేరలేదని ఏడుపు మొహం పెట్టాడు. అల్ట్రామెరైన్‌తో చేరదని నాకు ముందే తెలుసు. అతనికి రెండు దారులు చూపాను. మరో వస్తువు ఎంచుకోవడం ఒకటి. లేదా పచ్చను మార్చకుండా దాని పొరుగును మార్చడం. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని గోబెలిన్ తివాచీ కర్మాగారంలో అద్దకాల విభాగం చూసిన షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త, రంగులు సరిగ్గా లేవన్న ఫిర్యాదులను పరిశీలించి, తప్పు అద్దకంలో లేదని, పక్కనున్న దారం రంగు కన్నును మారుస్తోందని కనిపెట్టాడు. పచ్చ చుట్టూ మందపు ఎరుపు ఉంటే పచ్చ మరింత పచ్చగా తోస్తుంది. పిల్లవాడు రెండో దారినే ఎంచుకున్నాడు. నారు పిలకల మధ్య మందపు ఎరుపు పూశాడు. నారుమడి కింద ఎర్ర నేల ఎక్కడిదని పక్కవాడు ఎగతాళి చేశాడు, మా నేల నల్లనిది కదా. అతను బదులు చెప్పలేదు. కాని చతురస్రంలో ఆ పచ్చ నిజంగానే లేచి నిలబడింది.

పంచిన పసుపు నాలుగో పీరియడులో ఇంకా పది నిమిషాలు ఉండగానే గుంపుల్లో అయిపోయింది. సీసాలో మిగిలిన పదహారు మి.లీ. లో పద్నాలుగు పంచాను, గుంపుకు రెండు. పసుపు లేని చోట పిల్లలు చేసినది గమనించదగినది: లేత భాగాలను తెలుపుతో తేలిక చేశారు, అవి చల్లబడిపోయి అసలు రంగు వాలు కోల్పోయాయి. తెలుపు చేర్చితే ముదురు మాత్రమే తగ్గదు, వేడిదనమూ తగ్గుతుంది. రెండు చుక్కల పసుపు కూడా వేయవలసి ఉంటుంది. వచ్చేసారి రెండో సీసా తెలుపుకు బదులు పసుపు కొంటాను. తెలుపు సగానికి దగ్గరగా మిగిలే ఉంది.

టైల్ పలకల మీద మిగిలిన రంగులన్నీ కడగకుండా ఒక డబ్బాలోకి గీకించాను. అన్నీ కలిస్తే మట్టి రంగు మందపు బూడిద వచ్చింది. దానికి మిగిలిన తెలుపు కొంత చేర్చాను. గోడ పలక వెనుక అట్టకు వేయడానికి ఇంతకంటే మంచి రంగు కొనుక్కున్నా దొరకదు. ఏ చతురస్రంతోనూ పోటీ పడదు, అన్నింటిలోని రంగులూ దీనిలో ఉన్నాయి. వానకాలం కనుక మూత పెట్టిన డబ్బా మూడు రోజుల్లో వాసన వేస్తుంది. రెండు చుక్కల లవంగ నూనె వేసి ఉంచాను.

ఆగస్టు 6, ఐదో పీరియడు

ఐదు అంగుళాలు పెట్టుకున్నది ఈ రోజు పనికి వచ్చింది. చతురస్రం అంచుల దాకా, అంచు దాటి కూడా పూయమన్నాను. ఆరాక నాలుగు వైపులా అర అంగుళం కోసేస్తే నాలుగు అంగుళాల చతురస్రం మిగులుతుంది. చెదిరిన అంచులు, వేలిముద్రలు, పక్కవాడి చుక్కలు అన్నీ ఆ కోతలో పోతాయి. ఏ పిల్లవాడి అంచు శుభ్రంగా ఉంది, ఏ పిల్లవాడిది లేదు అన్న తేడా గోడ మీద కనబడదు. కోత మాత్రం నేనే చేశాను. తడికి వంగిన కాగితాలను ముందురోజే పుస్తకాల దొంతర కింద పెట్టి సాపు చేశాను. పేరు, క్రమసంఖ్య కోతకు ముందే వెనుక మధ్యలో రాయించాను. అంచున రాసిన ముగ్గురి పేర్లు కోతలో పోయాయి, చేతిరాతతో పోల్చి కనుక్కోవలసి వచ్చింది.

అమరిక పిల్లలకే వదిలాను. వరండా నేల మీద ఏడు నిలువు వరుసలు, ఆరు అడ్డ వరుసలుగా పరిచారు. మొదటిసారి స్నేహితులు పక్కపక్కన వచ్చేలా పరిచారు. రెండోసారి రంగుల వారీగా. అప్పుడు ఆకులన్నీ ఒక మూలకు చేరి పచ్చని గోడలా అయిపోయాయి. మూడోసారి లేత నుంచి ముదురుకు. ఈ క్రమం సరిగ్గా ఉందో లేదో చూడటానికి నా ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూపించాను. ఎండు మిరపకాయ, వేపాకు రంగుల్లో ఎంత దూరమో, నలుపు తెలుపులో అంత దగ్గర. రెండూ ఒకే బూడిద. పిల్లలు ఆ ఫోటో చూసి తొమ్మిది చతురస్రాల చోట్లు మార్చారు. వంకాయ, నల్లరేగడి చివరి మూలకు చేరాయి, నత్తగుల్ల మొదటి మూలలో నిలిచింది.

ఆగస్టు 13

అట్ట ముప్ఫై ఎనిమిది అంగుళాల వెడల్పు, ముప్ఫై తొమ్మిది ఎత్తు. చతురస్రాల మధ్య ఒక అంగుళం సందు, ప్రతి దాని కింద అంగుళం పట్టీ మీద వస్తువు పేరు, రంగు లెక్క, పిల్లవాడి పేరు. బంకను నాలుగు మూలల్లోనే చుక్కలుగా పెట్టాను. మొత్తం పూస్తే కాగితం మళ్లీ ఉబ్బుతుంది.

ఎక్కడ తగిలించాలి అన్నది చిన్న విషయంలా కనిపించింది గాని కాదు. ప్రధాన ద్వారం పక్క గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ తగులుతుంది. ఇలాంటి సీసాల్లోని క్రిమ్సన్ ఎండకు తట్టుకోదు, ముందు వెలిసేది అదే, అది వెలిస్తే వంకాయలు నీలమైపోతాయి. లోపలి వరండాలో గ్రంథాలయం గది పక్క గోడ ఎంచుకున్నాను. మధ్యలోని వరుస ఏడో తరగతి పిల్లల కంటి ఎత్తుకు వచ్చేలా మేకు కొట్టించాను.

ఆగస్టు 18

పండుగ నాడు తల్లిదండ్రులు పలక ముందు నిలబడి తమ పిల్లల పేరు వెతుక్కున్నారు, అది ఊహించినదే. ఊహించనిది ఈ రోజు జరిగింది. ఆరో తరగతి పిల్లలు ముగ్గురు పలక మీది "జామాకు: పసుపు 8, నీలం 1, ఎరుపు 1" లెక్కను పుస్తకంలో రాసుకుని, ఇంటి దగ్గర తమ సొంత రంగులతో కలిపి, వచ్చిన మచ్చను తెచ్చి చూపించారు. అది జామాకు కాదు, దాదాపు నల్లని పచ్చ. లెక్క తప్పని వాదించారు. వాళ్ల దగ్గర సిరంజి లేదు, పసుపును కుంచె కొనతో తీశారు, నీలాన్ని సీసా నుంచి వంచారు. పైగా వాళ్ల నీలం ప్రష్యన్ బ్లూ.

లెక్క రాసిన పిల్లవాడిని పిలిపించి, ఆ పట్టీ మీద ఇంకా ఏం రాసి ఉంటే వీళ్లకు కుదిరేదో చెప్పమన్నాను. కాసేపు చూసి, ఏ నీలమో రాయాలన్నాడు, అన్నింటినీ ఒకే కొలతతో తీయాలని రాయాలన్నాడు. ఇప్పుడు పలక కింది కుడి మూలన మిగిలిన పట్టీ ముక్క ఒకటి అతికించి ఉంది: లెమన్ యెల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరైన్, తెలుపు, రెండు పాళ్ల రంగుకు ఒక పాలు నీరు, అన్ని చుక్కలూ ఒకే రకం సిరంజితో. రాత ఆ పిల్లవాడిదే. ఆరో తరగతి వాళ్లకు ఒక సిరంజి, సీసా అడుగున మిగిలిన రెండు మి.లీ. పసుపు ఇచ్చి పంపాను.